మూడు గ్రాముల అశ్వగంధ

పెద్దిరాజుకి తూకం దగ్గర ఉన్నది నిజాయితీ కాదు, చాదస్తం అనేవాళ్ళు కోటగుమ్మం వీధిలో మిగతా కొట్లవాళ్ళు. వాళ్ళదేం పోయింది, ఎన్నయినా అంటారు. ముప్పై ఏళ్ళుగా ఆయుర్వేదం మందుల కొట్టు నడుపుతున్న మనిషి, ఒక్కనాడు ఒక్కడి చేత కూడా తక్కువ తూచాడని అనిపించుకోలేదు. కరక్కాయైనా, శొంఠైనా, పెన్నేరు గడ్డ పొడైనా త్రాసు ముల్లు నిటారుగా నిలబడ్డాకే పొట్లం కట్టేవాడు.

ఈ కథకి ముందేడు ఓ పనిచేశాడు. జొన్నాడ నుంచి వచ్చిన ఏసురాజు అనే అతనికి వంద గ్రాముల అశ్వగంధ చూర్ణం, అదే పెన్నేరు గడ్డ పొడి, కట్టిచ్చాడు. అతను వెళ్ళిన కాసేపటికి, పొట్లం కాగితంతో కలిపి తూచానని పెద్దిరాజుకి గుర్తొచ్చింది. ఆ కాగితం బరువెంతో తూచి చూస్తే రెండు గ్రాములు. ఇంకేముంది, రెండు గ్రాముల పొడి చిన్న కాగితంలో చుట్టుకుని, కొట్టు అలాగే వదిలేసి, రావులపాలెం వెళ్ళే బస్సు కదులుతుంటే వెనక పరిగెత్తి, కిటికీలోంచి అతని చేతిలో పెట్టొచ్చాడు. బస్సులో జనం నవ్వారు. వీధిలో వాళ్ళు నెల్లాళ్ళు నవ్వారు. పెద్దిరాజు మాత్రం, తగ్గించి ఇచ్చిన మందు రోగాన్ని తగ్గించదు, ఇచ్చినవాడి పరువుని తగ్గిస్తుంది అని ఓ మాటనేసి ఊరుకున్నాడు.

నేను చెప్పబోయేది ఆ ఏసురాజు సంగతే. అతని పని కొబ్బరి దింపు. కాళ్ళకి తాడు బందం వేసుకుని రోజుకి నలభై చెట్లెక్కి కాయలు దింపుతాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పుష్కరాలు వెళ్ళిన మరుసటి వేసవిలో టైఫాయిడ్ వచ్చి లేచాడు గానీ ఒంట్లో సత్తువ రాలేదు, రాత్రి నిద్ర పట్టడం మానేసింది. నిద్రలేని మనిషి పొద్దున్నే చెట్టెక్కితే ఏమవుతుందో చెప్పాలా? అందుకే ముందేడు ఆ పొడి రాసిచ్చిన ఇన్నీసుపేట వైద్యుడు వేంకటరమణ గారి దగ్గరికి మళ్ళీ వచ్చాడు. ఆయన వయసులోనూ వైద్యంలోనూ పెద్దాయన. నాడి చూసి, చీటీ మీద ఎప్పటిలాగే ఒక్క ముక్క రాశారు. అశ్వగంధ, రోజుకి మూడు గ్రాములు, పాలతో.

ఆ చీటీ పెద్దిరాజు దగ్గరికొచ్చింది. ఈ ఇద్దరి మధ్యా ముప్పై ఏళ్ళ పద్ధతి ఒకటుంది. వైద్యుడు బరువు రాస్తాడు, కొట్టువాడు దాన్ని పొట్లాలుగానో గొట్టాలుగానో మార్చి ఇస్తాడు. గొట్టాలంటే క్యాప్స్యూల్స్. ఏసురాజుకి ఆ పొడి వాసనంటేనే కడుపులో తిప్పుతుంది, ముందేడు కొన్న పొడి సగం పారబోసుకున్నానని తనే ఒప్పుకున్నాడు. అందుకని పెద్దిరాజు ఈసారి పొడి దట్టించిన ఐదొందల మిల్లీగ్రాముల గొట్టాలు ఇచ్చాడు. మూడు గ్రాములంటే మూడు వేల మిల్లీగ్రాములు. మూడు వేలని ఐదొందలతో భాగిస్తే ఆరు. పొద్దున మూడు, రాత్రి మూడు. లెక్క తప్పే ప్రసక్తే లేదు. నెల తిరిగేసరికి ఏసురాజుకి నిద్ర పట్టింది, ఒంట్లో సత్తువ వచ్చింది, ఓ బొండాల గెల తెచ్చి కొట్టు ముందు పెట్టి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. రెండో నెల మొదట్లో ఆ ఐదొందల గొట్టాల సరుకు ఆగిపోయింది. విజయవాడ నుంచి ఈ వారం, పై వారం అంటున్నారు తప్ప రావడం లేదు. సరిగ్గా అప్పుడే శశిభూషణ్ అనే కుర్ర రెప్రజెంటేటివ్ మెడలో టై, చేతిలో తోలు పెట్టె పెట్టుకుని దిగాడు. బెంగుళూరు కంపెనీ. అందమైన తెల్ల సీసాలు, అరవై గొట్టాలు, లోపల మైనపు కాగితం కూడా. సీసా మీద ఇంగ్లీషులో అశ్వగంధ వేరు ఎక్స్‌ట్రాక్ట్ మూడొందల మిల్లీగ్రాములు అనుంది. దాని కింద చీమ తలకాయలంత అక్షరాల్లో, విథనోలైడ్స్ ఐదు శాతానికి తగ్గకుండా అని.

పెద్దిరాజు కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని మూడుసార్లు చదివాడు. చదివిన కొద్దీ ఒళ్ళు మండింది. ఐదు శాతమా? తన కొట్లో ఉన్న చూర్ణం నూటికి నూరు పాళ్ళూ అశ్వగంధ. ఈ సీసాలో ఐదు పాళ్ళుంటే మిగతా తొంభై ఐదు పాళ్ళూ ఏంటి, తవుడా? పైగా బరువూ తక్కువే, ఐదొందలకి బదులు మూడొందలు. ఐదు శాతమే వేశామని సీసా మీద సిగ్గు లేకుండా అచ్చేసుకునేవాణ్ణి ఇతగాణ్ణే చూశాను అనుకున్నాడు.

శశిభూషణ్ ఏదో చెప్పబోయాడు. మా మూడొందలు వాళ్ళ ఐదొందల కన్నా చాలా పవర్‌ఫుల్ అండి, రోజుకి ఒకటి, మహా అయితే రెండు చాలండి అన్నాడు. రంగుల కాగితం ఒకటి తీసి, అందులో గీతలు, మెట్లు చూపించాడు. పాపం ఆ కుర్రాడు ఆ రోజు నిజమే చెప్పాడు, ఏమాటకామాటే. కానీ పెద్దిరాజు రెప్రజెంటేటివుల మాట నమ్మి ఇరవై ఏళ్ళయింది. మూడొందలు ఐదొందల కన్నా ఎక్కువెలా అవుతుందో నా త్రాసుకి చెప్పు నాయనా అన్నాడు. పాత సరుకు లేదు కాబట్టి నాలుగు సీసాలు మాత్రం తీసుకున్నాడు. కుర్రాడు తెల్లబోయి, బిల్లు రాసుకుని పోయాడు. ఆ రంగుల కాగితం వాము పొట్లం కట్టడానికి పనికొచ్చింది.

సోమవారం సాయంత్రం ఏసురాజు వచ్చాడు. పాత గొట్టాలు లేవు, పొడి అతను మింగలేడు, మధ్యలో మందు ఆపడానికి లేదు. పెద్దిరాజు కొత్త సీసా తీసి కౌంటర్ మీద పెట్టి లెక్క మొదలెట్టాడు. మూడు వేలని మూడొందలతో భాగిస్తే పది. పొద్దున ఐదు, రాత్రి ఐదు. ఐదు శాతం సంగతి మళ్ళీ బుర్రలో తిరిగింది. ఆ లెక్కన చూస్తే అసలు రెండొందల గొట్టాలు మింగాలేమో అని కూడా ఓ క్షణం అనుమానమొచ్చింది. ఛ, మనిషన్నవాడెవడైనా రెండొందలు మింగుతాడా? నాణ్యం సంగతి కంపెనీ పాపాన పోతుంది, కనీసం బరువైనా వైద్యుడు రాసినంత పడాలి కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. సీసా మీద రోజుకి ఒకటి రెండుసార్లు, లేదా వైద్యుని సలహా ప్రకారం అని అచ్చు వేసుంది. అదీ చూశాడు. వైద్యుని సలహా చీటీ మీద కళ్ళ ముందే ఉంది, మూడు గ్రాములు. ఇంకా అనుమానం దేనికి?

పది మింగాలంటే ఏసురాజు కాస్త తటపటాయించాడు. గొట్టాలు చిన్నవే కదా, కంపెనీ వాడు తక్కువ దట్టించాడు, అందుకని ఎక్కువ పడతాయి అని పెద్దిరాజు చెప్పాడు. ఏసురాజు సీసా లుంగీ మడతలో దోపుకుంటూ ఒకటే అన్నాడు.

"ఆయ్, తమరెలా చెప్తే అలాగేనండి."

శనివారం పొద్దున తొమ్మిదింటికి కొట్టు తీసి అగరొత్తి వెలిగిస్తుంటే ఏసురాజు భార్య సత్యకుమారి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ అంత పొద్దున రాలేదు. ముఖం పీక్కుపోయి ఉంది. కూర్చోమంటే కూర్చోకుండా గుమ్మంలో నిలబడే అంతా చెప్పింది. మంగళవారం నుంచీ మనిషి మత్తుగా ఉంటున్నాడట. కంచం ముందు కూర్చుని కూర్చునే జోగుతున్నాడట. కడుపు ఆగడం లేదు, రోజుకి ఐదారుసార్లు పరిగెత్తుతున్నాడు. అన్నం చూస్తే వాంతి. నిన్న సగం చెట్టెక్కి, అక్కడ చెట్టుని కావలించుకుని చాలాసేపు కదలకుండా ఉండిపోయాడట. కింద ఉన్నవాళ్ళు ఏదో కాయ కోసం చూస్తున్నాడనుకున్నారు. దిగొచ్చాక చెప్పాడట, కళ్ళు మూతలు పడిపోయాయని.

"ఈ మందు ఆరికి చాలటం లేదంటండి. ఇంకా బలమైంది ఏదైనా ఇమ్మని అడగమన్నారండి," అంది సత్యకుమారి.

పెద్దిరాజు గుండెల్లో రాయి పడింది. కానీ చూడండి విచిత్రం, ఆ రాయి పడాల్సిన చోట పడలేదు. అనుకున్నాను, ఐదు శాతం అన్నప్పుడే అనుకున్నాను, బలం లేని మందిచ్చి మనిషిని నీరసానికి వదిలేశాను అని తల బాదుకున్నాడు. పాత గొట్టాలతో లేచి తిరిగినవాడు ఈ తవుడు గొట్టాలతో మళ్ళీ పడిపోయాడు. మోతాదు పెంచాలి. పదిహేను ఇవ్వాలా, ఇరవయ్యా? మరి కడుపెందుకు ఆగడం లేదు? బలం తగ్గితే విరేచనాలెందుకు? మత్తేమిటి? ఎటు నుంచి లెక్కేసినా ఏదో ఒకటి మిగిలిపోతోంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, చేతిలో సీసా పట్టుకుని దాని మీద అంకెలు తనని వెక్కిరిస్తున్నట్టు చూస్తూ నిలబడిపోయాడు.

తనకి తోచని చోట తెలిసినవాణ్ణి అడగడం అతనికి తెలుసు, ఆ మేరకి మంచివాడే. షట్టరు సగం దించి, సత్యకుమారిని రిక్షా ఎక్కించుకుని ఇన్నీసుపేట పోయాడు.

వేంకటరమణ గారు అరుగు మీద పేపరు చదువుతున్నారు. పెద్దిరాజు చెప్పిందంతా విన్నారు, సీసా చేతిలోకి తీసుకున్నారు, కళ్ళకి దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. మూడు గ్రాములనే కదా రాశాను, మూడు గ్రాములే కదా ఇచ్చావు, మరి ఎందుకిలా అని ఆయనా తికమక పడ్డారు. ఆయన జీవితంలో అశ్వగంధ అంటే దంచి జల్లించిన వేరు. పొడి అని విడిగా రాయాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు, చక్కెర అని రాసేటప్పుడు తియ్యనిది అని రాయనట్టే. సీసా వెనక్కి తిప్పి, కౌముదీ, ఓసారి ఇలా రా అమ్మా అని లోపలికి కేకేశారు.

కౌముది ఆయన చిన్నకూతురు, బి.ఫార్మసీ మూడో ఏడు. తల దువ్వుకుంటూ వచ్చి, సీసా చూసి, ఎన్ని ఇస్తున్నారని అడిగింది. పది అని పెద్దిరాజు చెప్పగానే దువ్వెన ఆగిపోయింది.

"రోజుకా?" అంది.

పెద్దిరాజు తన లెక్క చెప్పాడు. మూడు వేలు, మూడొందలు, పది. ఎక్కడ తప్పో చూపించమన్నాడు. గొంతులో కాస్త కోపం కూడా ఉంది, కూడికలూ భాగహారాలూ ఈ పిల్ల దగ్గర నేర్చుకోవాలా అని. కౌముది అతని పక్కన అరుగు మీద కూర్చుంది.

"బాబాయిగారూ, పది కిలోల చెరుకు గానుగాడితే ఎంత బెల్లం వస్తుంది?"

పెద్దిరాజు చాగల్లు వైపు మనిషి, చిన్నప్పుడు గానుగ దగ్గరే పెరిగాడు. కిలో, మంచి చెరుకైతే ఇంకాస్త అన్నాడు.

"మరి మూడు కిలోల చెరుకు నమలమని వైద్యుడు చెప్తే, మూడు కిలోల బెల్లం తినిపిస్తారా?"

పెద్దిరాజు సీసా వైపు చూశాడు. ఎక్స్‌ట్రాక్ట్ అంటే వేరు పొడి కాదనీ, వేరుని ఉడికించో నానబెట్టో సారం దింపి, ఆరబెట్టి, గట్టిపరిచిన పదార్థమనీ కౌముది చెప్పింది. చీటీ మీద ఉన్నది చెరుకు బరువు, గొట్టంలో ఉన్నది బెల్లం బరువు. రెండూ గ్రాముల్లోనే రాస్తారు, అదే వచ్చిన చిక్కు.

అయినా పెద్దిరాజుకి మింగుడు పడలేదు. అది సారమే అయితే ఐదు శాతమేంటి, మిగతా తొంభై ఐదు ఏంటి అని అడిగాడు. ఆ అడగడంలో ఇంకా ఎక్కడో చిన్న ఆశ ఉంది, తను పూర్తిగా తప్పు కాదేమోనని. కౌముది ఓ కాగితం తీసుకుంది. ఈ వేరులో విథనోలైడ్స్ అని కొన్ని పదార్థాలుంటాయి, పనిచేసేవాటిలో ముఖ్యమైనవని వాటిని కొలుస్తారు అంది. మామూలు పొడిలో వెయ్యి పాళ్ళకి మూడు పాళ్ళుంటాయేమో, వేరుని బట్టి అటూ ఇటూ అవుతుంది. అంటే మూడు గ్రాముల పొడిలో తొమ్మిది మిల్లీగ్రాములు. ఈ గొట్టంలో మూడొందల్లో ఐదు శాతం, అంటే పదిహేను.

"రోజు మొత్తం మీద వేసుకునే పొడిలో కన్నా, ఈ ఒక్క గొట్టంలో ఎక్కువుంది. పది వేసుకుంటే నూట యాభై. ఒక్క రోజులో పదహారు రోజుల పైన మందు."

పెద్దిరాజు ఆ కాగితం తన వైపు తిప్పుకుని చూశాడు. అప్పటికీ, మా పొడి నూటికి నూరు పాళ్ళూ స్వచ్ఛం కదమ్మా అన్నాడు, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు. కౌముది నవ్వలేదు. స్వచ్ఛమే, నూటికి నూరు పాళ్ళూ వేరే, కానీ అదే కొలత మీ సీసా మీద కూడా అచ్చు వేస్తే సున్నా పాయింట్ మూడు శాతం అని వెయ్యాలి, ఎవరూ కొలవలేదు కాబట్టి వెయ్యలేదు అంది. ఐదు శాతమని రాసినవాడు తక్కువ రాయలేదు బాబాయిగారూ, కొలిచి రాశాడు. ఆ మాట చెప్పి, మళ్ళీ తనే కాస్త తడబడి, కొలిచే పద్ధతి మారితే ఆ ఐదు రెండున్నర కూడా కావచ్చండి, అది కంపెనీనే అడగాలి అంది.

అయితే అసలెంత అని అడిగాడు పెద్దిరాజు, బొత్తిగా దిక్కుతోచక.

"అంత కచ్చితంగా నాకూ తెలీదండి. వేరులో ఇంకా చాలా ఉంటాయి, లెక్క కుదిరినంత మాత్రాన రెండూ ఒకటే మందు కావు. కానీ ఎటు నుంచి చూసినా పది మాత్రం కాదు. ముందు ఆపించండి."

వేంకటరమణ గారు చీటీ వైపే చూస్తున్నారు. ఇందులో పొడి అని ఒక్క ముక్క రాసుంటే అని ఆయన నెమ్మదిగా అన్నారు. తప్పు ఒకళ్ళదే కాదని పెద్దిరాజుకి చెప్పడానికే అన్నారు గానీ, అది అతని చెవికెక్కలేదు. అతని బుర్రలో ఒకటే తిరుగుతోంది. మత్తు, కళ్ళు మూతలు పడటం, సగం చెట్టు. సత్యకుమారి వైపు తిరిగి, ఇవాళ ఇంట్లోనే ఉన్నాడు కదమ్మా అని అడిగాడు.

లేదండి, ఇవాళ పెద్ద తోటలో దింపండి అంది సత్యకుమారి. పొద్దున ఐదు గొట్టాలూ వేసుకునే వెళ్ళాడట.

ఫోను చేద్దామంటే తోటలో ఫోనెక్కడిది? ఇద్దరూ రావులపాలెం బస్సెక్కారు. వేమగిరి దాటేదాకా పెద్దిరాజు కిటికీలోంచి బయటికి చూడలేకపోయాడు. రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి చెట్లే. ఇంతెత్తుంటాయా ఈ చెట్లు అని ఇన్నేళ్ళకి ఆ రోజు చూశాడు. దేవుడా, ఆ మనిషిని కింద ఉంచు, ఈ ఒక్కపూట కింద ఉంచు అని కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకున్నాడు. ఏసురాజు దేవుడు వేరని గుర్తొచ్చి, ఆ దేవుడికీ ఒక దణ్ణం పెట్టుకున్నాడు. పక్కన సత్యకుమారి కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. అనుంటే కాస్త ఊపిరాడేది పెద్దిరాజుకి.

జొన్నాడలో దిగి నడుస్తుంటే, తోటలో కాయలు పడుతున్న చప్పుడు దూరం నుంచే వినిపించింది. ధబ్, ధబ్. అయితే పైనే ఉన్నాడు. కాలవ గట్టు మీద నుంచి పరిగెత్తారు. యాభై ఆరేళ్ళ వయసులో, మోకాలు నొప్పితో, పంచె ఎగ్గట్టి పెద్దిరాజు పరిగెత్తాడు. చెట్టు కిందికి చేరేసరికి కాయల చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూశాడు. మట్టల కింద ఏసురాజు చెట్టుకి చెంప ఆనించి ఉన్నాడు. చెయ్యి మట్ట మీదుంది. కదలడం లేదు.

పెద్దిరాజు నోరు తెరిచి ఏసురాజూ అని అరవబోయాడు. సత్యకుమారి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పిలవకండి. పైనున్నోణ్ణి పేరెట్టి పిలవకూడదండి. ఉలిక్కిపడతాడు."

అది వాళ్ళ పనిలో అందరికీ తెలిసిన కట్టుబాటు. పైనున్న మనిషిని కిందవాళ్ళు కేకేసి పిలవరు. మరేం చెయ్యాలి? పెద్దిరాజుకి తెలియలేదు. సత్యకుమారికి తెలుసు. ఆవిడ చెట్టు మొదట్లో కూర్చుని, ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్నట్టే, మామూలు గొంతుతో మాట్లాడటం మొదలెట్టింది. ఇవాళ బస్సు ఖాళీగా ఉందంది. పక్కింటి వీరమ్మ కోడి మళ్ళీ మన దొడ్లో గుడ్డు పెట్టిందంది. చింతకాయ పచ్చడి చేస్తాను, పెరుగన్నంలోకి బాగుంటుంది, కడుపు నిలబడుతుంది అంది. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం పైనుంచి దించలేదు.

కాసేపటికి పై నుంచి, నిద్రలోంచి వచ్చినట్టు, ఊఁ అని వినిపించింది.

పచ్చిమిరపకాయలు వెయ్యనా ఎండువా అని అడిగింది సత్యకుమారి. పచ్చివే అన్నాడు ఏసురాజు. అయితే దిగిరా, ఇంట్లో లేవు, కొనుక్కెళ్దాం అంది. బందం కదిలింది. ఒక జానెడు కిందికి. ఆగింది. మళ్ళీ జానెడు. సగంలో ఏసురాజు ఆగిపోయి నుదురు చెట్టుకి ఆనిస్తే, పెద్దిరాజు చెట్టు కిందకి పోయి రెండు చేతులూ పైకి చాపి నిలబడ్డాడు. ముప్పై అడుగుల నుంచి పడే మనిషిని తన చేతులు ఆపుతాయా? ఆపవు. ఆ సంగతి తూచి చూసుకునే తీరిక లేకపోయింది అతనికి. సత్యకుమారి ఉప్పు గురించి అడిగింది. ఏసురాజు జవాబిచ్చి, దిగడం మొదలెట్టాడు.

కాళ్ళు నేలకి తగిలాక, అక్కడే చతికిలపడ్డాడు. కళ్ళు ఎర్రగా, బరువుగా ఉన్నాయి. పెద్దిరాజుని చూసి లేవబోయాడు. పెద్దిరాజు అతని ఎదురుగా మట్టిలోనే కూలబడి ఏడ్చేశాడు. తప్పు నాది, పదిచ్చాను, ఒకటి కూడా ఎక్కువేనట, వేసుకోకు ఇక, నీ ప్రాణం మీదికి తెచ్చాను అని ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చెరుకనీ బెల్లమనీ శాతమనీ ఏదో కలగాపులగంగా చెప్పాడు. ఏసురాజుకి సగం కూడా అర్థం కాలేదు. అర్థమైందల్లా తనకిచ్చిన మందు ఎక్కువైందని.

"ఎక్కువా అండి?" అన్నాడు ఆశ్చర్యంగా. "మూడోనాడే కడుపులో తిప్పిందండి. సత్తెకుమారి మానెయ్యమంది. నేనే మానలేదండి. రెండు గ్రాములు తగ్గిందని బస్సు ఎనకాల పరిగెత్తుకొచ్చినోరు, నాకు తప్పు ఇస్తారా అన్నానండి. ఓ రోజు ఒకటి మంచం కింద పడిపోతే, దీపం ఎట్టి ఎతుక్కుని మరీ మింగానండి."

పెద్దిరాజుకి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆ రెండు గ్రాముల పొట్లం పట్టుకుని పరిగెత్తకపోయినా బాగుండేదే అనిపించింది. తల దించుకుని, ఆ రోజు తక్కువైందని వచ్చాను, ఇవాళ ఎక్కువైందని వచ్చాను ఏసురాజూ అన్నాడు.

ఏసురాజు మొలలోంచి సీసా తీసి ఇచ్చాడు. పెద్దిరాజు అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. పదిహేను మిగిలాయి. మంగళవారం పొద్దున్నుంచి ఇవాళ పొద్దుటిదాకా ఎన్ని పోవాలో లెక్కేస్తే నలభై ఐదు, ఒక్కటి కూడా తేడా రాలేదు. ఇంత కచ్చితంగా తన మాట విన్నవాడు ముప్పై ఏళ్ళలో ఇంకొకడు లేడు.

ఈ లోపల సత్యకుమారి ఓ బొండాం కొట్టి ముందు భర్తకి తాగించింది, ఇంకొకటి కొట్టి పెద్దిరాజు చేతిలో పెట్టింది. అతను తాగలేకపోయాడు. ఏసురాజు మూతి తుడుచుకుని, కాస్త తేరుకుని, మళ్ళీ అదే నమ్మకంతో అడిగాడు.

"పోన్లెండి, అయిందేదో అయింది. ఇప్పుడెన్ని వేసుకోమంటారండి?"

పెద్దిరాజు సీసా వైపు చూశాడు. మూడొందలు. ఐదు. మూడు గ్రాములు. ఆ అంకెలన్నీ ఉన్నాయి, ఒక్కటి కూడా ఎటూ పోలేదు. కొట్లో కూర్చున్న ముప్పై ఏళ్ళలో ఏ ఒక్కరితోనూ అనని మాట అతను అన్నాడు.

"నాకు తెలీదు ఏసురాజూ. అడిగొచ్చి చెప్తాను. అందాకా చెట్టెక్కకు."

సీసా పంచె మడతలో దోపుకుని, మోకాలు పట్టుకుని లేచి, బస్సు కోసం కాలవ గట్టు మీద నడిచాడు.